ముప్పై పైపుల బోరు, ముప్పై ఘాతాల బహుపది: ఐగెన్ విలువలకు క్యూఆర్ పద్ధతి ఎందుకు

పలమనేరు, కుప్పం వైపు బోరు వేస్తే వెయ్యి అడుగులు దాటడం ఇప్పుడు మామూలే. అంత లోతుకు మోటారు దించాలంటే 20 అడుగుల జీఐ పైపులను సాకెట్లతో ఒకదాని కింద ఒకటి బిగించి, పైన కేసింగ్ మూతి దగ్గర క్లాంపుకు వేలాడదీస్తారు. వేలాడే ఆ పైపుల వరుస నిలువునా సాగుతూ ముడుచుకుంటూ ఊగగలదు. ఏయే పౌనఃపున్యాల దగ్గర ఊగుతుందో తెలుసుకోవడమే ఇక్కడి కేసు. చూడటానికి చిన్న లెక్కే. ఐగెన్ విలువల కోసం లాక్షణిక బహుపది రాసి దాని మూలాలు వెతికే పద్ధతి ఎక్కడ, ఎంతలో, ఎందుకు కూలుతుందో ఇందులో అంకెలతో సహా కనిపిస్తుంది. తిరుపతి ఇంజనీరింగ్ తరగతుల్లో మూడు వరుసల మాత్రికకు det(A − λI) = 0 రాసి చేసిన అలవాటు, ముప్పై వరుసలకు వచ్చేసరికి ఎందుకు పనికిరాదన్నదే ప్రశ్న.

నమూనా

పైపు ఒక్కొక్కటి 6 మీటర్లు, మొత్తం 30 పైపులు, అంటే సుమారు 600 అడుగులు. ప్రతి పైపు బరువునూ దాని కింది చివర ఒక ముద్దగా పెడదాం. పైపు సాగుడును స్ప్రింగుగా తీసుకుందాం. స్ప్రింగు గట్టితనం k = EA/L, ముద్ద ద్రవ్యరాశి m = ρAL. భాగిస్తే వైశాల్యం ఎగిరిపోయి k/m = E/(ρL²) మిగులుతుంది. కాబట్టి పైపు రెండంగుళాలదా మూడంగుళాలదా అన్నది ఈ లెక్కకు అక్కర్లేదు. ఉక్కుకు E = 2×10¹¹ పాస్కల్, ρ = 7850 కిలో/ఘ.మీ. వేస్తే k/m సుమారు 7.077×10⁵, దాని వర్గమూలం 841.26 రేడియన్/సెకను.

k/m ను బయటికి తీసేస్తే మిగిలే మాత్రిక చాలా శుభ్రంగా ఉంటుంది. ప్రధాన వికర్ణం మీద అన్నీ 2, చివరిది మాత్రం 1 (కింది చివర స్వేచ్ఛగా వేలాడుతుంది కాబట్టి). పక్క వికర్ణాల మీద అన్నీ −1. మిగతా అంతా సున్నా. ఈ మాత్రిక ఐగెన్ విలువ λ అయితే పౌనఃపున్యం f = (841.26/2π)·√λ హెర్ట్జ్.

మోటారు, పంపు బరువు ఇంకా కలపలేదు. అది కావాలనే చేసింది. ఉత్త పైపుల వరుసకు జవాబు సూత్రరూపంలో తెలుసు:

λ_j = 4 sin²((2j−1)π/122), j = 1, 2, …, 30.

కొత్త పద్ధతిని, కొత్త కోడును ఇలా జవాబు తెలిసిన లెక్క మీద తూచి చూసి, ఆ తర్వాతే జవాబు తెలియని లెక్కకు వాడాలి. సూత్రం ప్రకారం మొదటి నాలుగు పౌనఃపున్యాలు 6.89, 20.67, 34.38, 48.01 హెర్ట్జ్. ముప్పయ్యోది 267.4. రెండు ధ్రువాల సబ్‌మెర్సిబుల్ మోటారు లోడు మీద నిమిషానికి సుమారు 2880 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 48. నాలుగో పౌనఃపున్యం సరిగ్గా దాని మీదే వచ్చి కూర్చుంది. ఇంపెల్లర్‌కు ఐదు రెక్కలుంటే 48×5 = 240 హెర్ట్జ్ దగ్గర కూడా ఒక తట్టు ఉంటుంది. అందుకని కింది కొస పౌనఃపున్యాలు చూస్తే చాలదు, 240 పరిసరాలు కూడా కావాలి. ఈ రెండు చోట్లనూ గుర్తు పెట్టుకోండి, కథంతా వాటి మధ్యే నడుస్తుంది.

బహుపదికి వీలైనంత మేలు చేసి చూద్దాం

మామూలు మాత్రికకు లాక్షణిక బహుపది గుణకాలు రాబట్టడమే ఒక తంటా. ఫడ్డీవ్–లెవెరియే పద్ధతిలో మాత్రికను మళ్లీ మళ్లీ గుణించి వికర్ణాల మొత్తాలు తీయాలి. పెద్ద సంఖ్యల్లోంచి పెద్ద సంఖ్యలు తీసివేస్తూ పోయే ఆ దారిలోనే సగం అంకెలు పోతాయి. మన మాత్రికకు ఆ బాధ లేదు. గుణకాలు సూత్రంగా తెలుసు: λᵏ గుణకం పరిమాణం C(30+k, 2k), గుర్తులు ఒకటి విడిచి ఒకటి మారతాయి. అన్నీ పూర్ణ సంఖ్యలు. వాటి పరిమాణాలన్నీ కూడితే 2,504,730,781,961 వస్తుంది. డబుల్ ప్రెసిషన్‌లో 2⁵³ వరకు, అంటే సుమారు 9×10¹⁵ వరకు పూర్ణ సంఖ్యలు తప్పు లేకుండా పడతాయి. కాబట్టి గుణకాల్లో ఒక్క బిట్టు కూడా తప్పు లేదు. బహుపదికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

ఇప్పుడు 240 హెర్ట్జ్ దగ్గరికి వెళదాం. λ = 3.2 అంటే 239.5 హెర్ట్జ్. అక్కడ p(λ) విలువ లెక్కించాలి, ఎందుకంటే మూలం వెతికే ఏ పద్ధతైనా, న్యూటన్ అయినా, విరామాన్ని సగం చేస్తూ పోయేదైనా, చివరికి ఆ విలువ మీదే, కనీసం దాని గుర్తు మీదే ఆధారపడుతుంది.

λ = 4 sin²φ అని రాస్తే మన బహుపది p = cos(61φ)/cos φ అవుతుంది. λ = 3.2 దగ్గర cos φ = 0.447. అందువల్ల ఆ చుట్టుపక్కల p అసలు విలువ 2.24 పరిమాణానికి మించి పోదు. రెండు మూలాల మధ్య ఒకసారి 2 చేరువకు ఎక్కి, మూలం దగ్గర సున్నాకు దిగి, మళ్లీ −2 వైపు పోతుంది.

అదే విలువను గుణకాలతో కడితే ఏమౌతుంది? k = 20 పదం చూడండి: C(50, 20) కాదు, C(50, 40), అంటే 10,272,278,170. దాన్ని 3.2²⁰ తో గుణిస్తే సుమారు 1.3×10²⁰. ఆ పరిమాణంలో పక్కపక్కనే ఉండే రెండు డబుల్ సంఖ్యల మధ్య ఎడం 16384. అంటే ఈ ఒక్క పదాన్ని గుండ్రం చేయడంలోనే 8192 దాకా తప్పు రావచ్చు. అలాంటి భారీ పదాలు ప్లస్సు మైనస్సులుగా ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి 2.24 లోపు సంఖ్య మిగలాలి. వేలల్లో ఉన్న దుమ్ములో 2 పరిమాణం ఉన్న వక్రరేఖ ఎక్కడ సున్నా దాటిందో వెతుకుతున్నామన్నమాట. లెక్కలో వచ్చే గుర్తు p ది కాదు, గుండ్రం చేయడంలో పుట్టిన తప్పుది. హార్నర్ పద్ధతిలో చేసినా, కూడే క్రమం మార్చినా ఈ రద్దు తప్పదు.

ఇక్కడ ఒక చక్కటి సంగతి ఉంది. λ = 3.2 దగ్గర పదాల పరిమాణాలన్నీ కూడితే సుమారు 7.8×10²⁰. పైపుల సంఖ్య ఒకటి పెరిగినప్పుడల్లా ఈ మొత్తం దాదాపు సరిగ్గా ఐదు రెట్లవుతుంది. p అసలు విలువ మాత్రం ఎప్పుడూ 2.24 లోపే. అంటే పది పైపులకు ఏడు దశాంశ అంకెలు చొప్పున నష్టం. డబుల్‌లో ఉన్నవే పదహారు. ఇరవై పైపుల దగ్గర రెండు అంకెలు మిగులుతాయి. ఇరవై రెండు, ఇరవై మూడు దాటాక ఏమీ మిగలదు. ముప్పై దగ్గర, గుణకాల్లో 10⁻¹⁶ సాపేక్ష కదలికకే మూలం ఎంత జరగవచ్చో తొలి అంచనా వేస్తే రెండు వేలు వస్తుంది. పక్క మూలం ఉన్నది 0.16 దూరంలో! అంచనా ఆ దశలో అర్థం కోల్పోయిందన్న మాటే కానీ, చెప్పేది స్పష్టం: పక్కపక్క మూలాలు ఢీకొని సంకీర్ణ జంటలుగా విడిపోతాయి. సౌష్ఠవ మాత్రికకు సంకీర్ణ ఐగెన్ విలువ రావడం అసాధ్యం. పైపు దగ్గర దాని అర్థం, ఊగుడు తనంతట తానే పెరుగుతూ పోతుందని.

ఇది పాత సంగతే. 1 నుంచి 20 వరకు పూర్ణ సంఖ్యలు మూలాలుగా ఉన్న బహుపదిలో x¹⁹ గుణకం −210 ని 2⁻²³ మాత్రమే కదిపితే పది మూలాలు సంకీర్ణమవుతాయని విల్కిన్సన్ చూపించాడు. ఆ ఉదాహరణ కావాలని పేర్చినదని కొందరు కొట్టిపారేస్తారు. మన పైపుల వరుసను ఎవరూ పేర్చలేదు, బోరులో నిజంగా వేలాడుతోంది.

మరి 48 హెర్ట్జ్ దగ్గర? అక్కడ λ = 0.1286. పదాల పరిమాణాల మొత్తం 26 వేలు మాత్రమే. దాని మీద గుండ్రం తప్పు 10⁻¹¹ కన్నా తక్కువ. నాలుగో మూలం హాయిగా పన్నెండు అంకెల దాకా రావచ్చు. మొదటి అయిదారు పౌనఃపున్యాలను చేతి లెక్కతో సరిచూసి, "బాగానే ఉంది" అనుకుని మిగతావీ నమ్మేస్తే ఇక్కడే దెబ్బ తినేది. పూర్తిగా తప్పు జవాబు ఇచ్చే పద్ధతి అంత ప్రమాదం కాదు. సగం సరైన జవాబిచ్చి, ఏ సగమో చెప్పని పద్ధతి ప్రమాదం. పైగా దొరికిన మూలాన్ని భాగించి ఘాతం తగ్గించుకుంటూ పోయే కోడు పెద్ద మూలం నుంచి మొదలుపెడితే, ఆ తప్పు భాగఫలంలోకి ఎక్కి చిన్న మూలాలను కూడా పాడుచేస్తుంది. భాగించక తప్పకపోతే చిన్నదాంతో మొదలుపెట్టాలి.

క్యూఆర్ ఏం చేస్తుంది

క్యూఆర్ పద్ధతి గుణకాల జోలికే పోదు. మాత్రికను మాత్రికగానే ఉంచి తిప్పుతుంది. A = QR అని విడగొట్టి (Q ఆర్థోగొనల్, R పై త్రికోణం), వాటిని తిరగేసి గుణిస్తే RQ. ఇది QᵀAQ కి సమానం కాబట్టి ఐగెన్ విలువలు మారవు. మళ్లీ మళ్లీ చేస్తే వికర్ణం బయటి అంకెలు కరిగిపోయి, వికర్ణం మీద ఐగెన్ విలువలు తేలతాయి. ఇంగ్లాండులో ఫ్రాన్సిస్, సోవియట్ యూనియన్‌లో కుబ్లనోవ్‌స్కాయా 1961 ప్రాంతంలో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని కనుక్కున్నారు. అంతకుముందు రుటిస్‌హౌజర్ వేసిన ఎల్ఆర్ పద్ధతి దీనికి దారి.

రెండే పైపులు తీసుకుని చేత్తో చేద్దాం. మాత్రిక [2 −1; −1 1]. అసలు జవాబులు 2.618034, 0.381966. ఒక అడుగు వేస్తే [2.6 −0.2; −0.2 0.4]. ఇంకో అడుగుకు [2.617647 −0.029412; −0.029412 0.382353]. పక్క అంకె 1 నుంచి 0.2కి, అక్కణ్నుంచి 0.03 లోపుకి దిగింది. వికర్ణం మూడో దశాంశం దాకా సరిపోయింది. వికర్ణం మొత్తం ప్రతి అడుగులోనూ 3 గానే ఉంది.

దీని బలం తిప్పడంలో ఉంది. ప్రతి అడుగూ తలాల్లో చేసే భ్రమణాల వరుస, భ్రమణం దేని పొడవునూ పెంచదు. ఒక అడుగులో పుట్టిన గుండ్రం తప్పు తర్వాతి అడుగుల్లో అంతే సైజులో ఉంటుంది, ఉబ్బదు. చివరికి తేలేదేమంటే, వచ్చిన జవాబులు A కి కాకపోయినా A + E అనే అతి దగ్గరి మాత్రికకు ఖచ్చితమైనవి. E పరిమాణం A పరిమాణంలో 10⁻¹⁶ కు చిన్న గుణిజం. సౌష్ఠవ మాత్రికలో E ఎంతుంటే ఐగెన్ విలువ అంతకన్నా ఎక్కువ జరగదు, ఇది వైల్ అసమానత. మన మాత్రిక పరిమాణం 4 లోపు. కాబట్టి ముప్పై విలువల్లో ప్రతి ఒక్కటీ, 240 హెర్ట్జ్ దగ్గరిదైనా సరే, 10⁻¹⁴ స్థాయి తప్పులోపే రావాలి. బహుపది దారిలో పైపు పెరిగినప్పుడల్లా ఐదు రెట్లు పెరిగిన తప్పు ఇక్కడ n తో పాటు మెల్లగా మాత్రమే పెరుగుతుంది.

మరో మాట. బహుపదికి మారడంలో ముప్పై విలువల సమాచారం ముప్పై గుణకాల్లోకి పోయింది, గణితపరంగా ఏమీ పోలేదు. పోయింది గుణకాల్లో చిన్న కదలికకు మూలాలు ఎంత కదులుతాయన్న బంధం. అసలు మాత్రికలో అంకెలు కదిలితే ఐగెన్ విలువలు అంతే కదులుతాయి. అదే లెక్కను గుణకాల భాషలో రాసేసరికి పది కోట్ల కోట్ల రెట్లకు మించి సున్నితమైంది. కష్టం సమస్యలో లేదు, మధ్యలో మనం ఎంచుకున్న రూపంలో ఉంది.

నిజం కోడులో అడుగులు

పుస్తకంలో రాసినట్టు ఉత్త క్యూఆర్ అడుగులు వేస్తే పని నత్తనడకన సాగుతుంది. పక్క అంకె కరిగే వేగం పక్కపక్క ఐగెన్ విలువల నిష్పత్తిని బట్టి ఉంటుంది. మన ముప్పయ్యో విలువ 3.9894, ఇరవై తొమ్మిదోది 3.9577. నిష్పత్తి 0.992. ఆ అంకెను 10⁻¹⁶ కు దించాలంటే 4,600 అడుగులకు పైగా కావాలి.

దీనికి మందు షిఫ్టు. A − σI కి క్యూఆర్ చేసి, తిరగేసి గుణించాక σI ని మళ్లీ కలుపుతారు. σ గా కింది మూలలోని 2×2 ముక్క ఐగెన్ విలువల్లో చివరి వికర్ణ అంకెకు దగ్గరిదాన్ని ఎంచుకుంటే అది విల్కిన్సన్ షిఫ్టు. దాంతో చివరి పక్క అంకె సాధారణంగా ఒక్కో అడుగుకు ఘనం చొప్పున చిన్నదవుతుంది: 10⁻² ఉంటే 10⁻⁶, ఆ తర్వాత 10⁻¹⁸. ఒక విలువకు సగటున రెండు అడుగుల దరిదాపుల్లో సరిపోతుంది, అంటే మొత్తం సుమారు అరవై. పక్క అంకె దాని రెండు వైపులా ఉన్న వికర్ణ అంకెల మొత్తంతో పోలిస్తే 10⁻¹⁶ స్థాయికి దిగగానే దాన్ని సున్నా చేసి, ఆ విలువను పక్కన పెట్టి, చిన్నదైన మాత్రికతో కొనసాగుతారు. సున్నా చేయడం కూడా మాత్రికను అంత మాత్రమే కదపడం కాబట్టి E లోనే కలిసిపోతుంది. బహుపదిని మూలంతో భాగించడానికీ దీనికీ తేడా అదే.

కోడులో σ ను నిజంగా తీసి మళ్లీ కలపరు. మొదటి భ్రమణం ఒక్కటి షిఫ్టును బట్టి వేస్తారు. దాంతో మూడు వికర్ణాల బయట ఒక అంకె పొడుచుకొస్తుంది. తర్వాతి భ్రమణాలు ఆ ఉబ్బును ఒక్కో వరుస కిందికి నెట్టుకుంటూ పోయి కింది అంచు దాటిస్తాయి. మన మాత్రిక పుట్టుకతోనే మూడు వికర్ణాలది కాబట్టి అడుగుకు ముప్పై భ్రమణాల లోపే. నిండు మాత్రికైతే ముందు హౌస్‌హోల్డర్ ప్రతిబింబాలతో దాన్ని ఈ రూపానికి తెస్తారు, సౌష్ఠవం లేనిదైతే హెసెన్‌బర్గ్ రూపానికి. ఖర్చులో పెద్ద భాగం అక్కడే.

మాత్రికల లెక్కల లైబ్రరీ లాపాక్‌లో ఈ పని చేసే రొటీన్లు: సౌష్ఠవానికి `dsteqr`, విలువలు మాత్రమే చాలంటే `dsterf`, సౌష్ఠవం లేనివాటికి `dhseqr`. పైథాన్‌లో రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూడండి:

```python
import numpy as np
from math import comb
from scipy.linalg import eigvalsh_tridiagonal

n = 30
d = np.full(n, 2.0); d[-1] = 1.0
e = np.full(n-1, -1.0)
lam = eigvalsh_tridiagonal(d, e, lapack_driver='sterf')

c = [(-1)**k * comb(n+k, 2*k) for k in range(n, -1, -1)]
r = np.roots(np.array(c, float))

j = np.arange(1, n+1)
exact = 4*np.sin((2*j-1)*np.pi/(4*n+2))**2
print(abs(lam - exact).max())
print(np.count_nonzero(abs(r.imag) > 1e-6))
```

మొదటి అంకె క్యూఆర్ గరిష్ఠ తప్పు. రెండోది బహుపది దారిలో వచ్చిన సంకీర్ణ మూలాల లెక్క. n ను 10, 20, 25, 30 చేస్తూ నడిపితే రెండో అంకె ఎక్కడ సున్నా దాటుతుందో మీ కంప్యూటర్ మీదే కనిపిస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. `np.roots` లోపల న్యూటన్ గిన్యూటన్ ఏమీ లేదు. అది గుణకాలతో కంపానియన్ మాత్రిక కట్టి దాని ఐగెన్ విలువలు క్యూఆర్‌తోనే తీస్తుంది. `np.poly` కి మాత్రిక ఇస్తే అది ముందు ఐగెన్ విలువలు తీసి, వాటి నుంచి గుణకాలు కడుతుంది. కాబట్టి `np.roots(np.poly(A))` అని రాసినవాళ్లు ముందు క్యూఆర్‌తో మంచి జవాబు తెప్పించి, దాన్ని గుణకాలుగా చెడగొట్టి, చెడిన దాని మీద మళ్లీ క్యూఆర్ నడుపుతున్నారు. రెండోసారి నడిచేదీ క్యూఆరే కదా, మరి ఎందుకు కాపాడలేదు? దానికిచ్చిన మాత్రికకు దగ్గరి మాత్రిక జవాబే అది ఇస్తుంది. కంపానియన్ మాత్రికలో అంకెలు వేల కోట్లకు పైన ఉన్నాయి, దాని ఐగెన్ విలువలే అతి సున్నితం. సున్నితమైన రూపాన్ని చేతికిచ్చాక ఏ పద్ధతీ ఏమీ చేయలేదు.

తప్పు పట్టుకోవడం

సంకీర్ణ విలువ కనిపిస్తే సరే, వెంటనే తెలుస్తుంది. అందరూ చేసే ఇంకో పరీక్ష, విలువలన్నీ కూడి వికర్ణం మొత్తంతో పోల్చడం. మన మాత్రికకు అది 59. ఈ పరీక్షను నమ్మవద్దు. మూలాల మొత్తం బహుపదిలో రెండో గుణకం ఒక్కదాని మీదే ఆధారపడుతుంది, క్యూఆర్ అడుగులు కూడా వికర్ణం మొత్తాన్ని కాపాడతాయి. విడివిడిగా మూలాలన్నీ చెడిపోయినా కూడితే దాదాపు 59 వస్తుంది, ఎందుకంటే తప్పులు జంటలుగా ఇటూ అటూ పోయాయి.

పనికొచ్చే పరీక్షలు రెండు. ఒకటి శేషం: వచ్చిన λ కీ సదిశ x కీ (పొడవు 1 చేసి) Ax − λx పొడవు చూడాలి. సౌష్ఠవ మాత్రికలో λ కు అంత దూరంలోపే నిజమైన ఐగెన్ విలువ ఒకటి ఉండి తీరుతుంది. రెండోది లెక్కపెట్టడం: A − σI మీద సాధారణ నిర్మూలన నడిపి, పివట్లలో ఎన్ని రుణాత్మకమో చూస్తే σ కన్నా తక్కువ ఐగెన్ విలువలు అన్ని ఉన్నట్టు. 230, 250 హెర్ట్జ్‌లకు తగిన రెండు σ లు వేసి తేడా తీస్తే ఆ మధ్య ఎన్ని ఉన్నాయో పూర్ణ సంఖ్యగా వస్తుంది.

ఈ రెండో పరీక్షే కొంచెం పెంచితే పూర్తి పద్ధతి అవుతుంది: విరామాన్ని సగం చేస్తూ పోయి విలువను పట్టుకోవడం. లాపాక్‌లో `dstebz` చేసేది అదే. చూస్తే అది కూడా p(λ) మూలాల వేటే! కానీ గుణకాలు లేవు. p ని మాత్రిక అంకెల నుంచి నేరుగా, వరుస వెంట వరుసగా లెక్కిస్తుంది. మన కేసులో ఆ వరుస సంబంధం ఒక మెట్టుకు 2 − λ తో గుణించి ముందు మెట్టు తీసివేయడమే, మధ్యలో 10²⁰ సంఖ్యలు ఎక్కడా రావు. అందుకే "మూలాల వేట చెడ్డది" అనడం సరికాదు, చెడ్డది గుణకాలుగా విప్పడం. ఏదో ఒక విరామంలో రెండు మూడు విలువలే కావాలంటే క్యూఆర్ కన్నా ఈ పద్ధతే నయం. అన్నీ కావాలంటే క్యూఆర్.

పంపు కలిపాక

ఇప్పుడు అసలు బోరు. రెండంగుళాల మధ్యరకం జీఐ పైపు మీటరుకు సుమారు 5.1 కిలోలు, ఒక్కోటి 30.6 కిలోలు. మోటారు, పంపు కలిసి రెండు పైపుల బరువు, అంటే 61 కిలోలు అనుకుందాం. చివరి ముద్ద మూడు రెట్లయింది. M⁻¹K అని గుణిస్తే సౌష్ఠవం పోతుంది, అది చేయకూడదు. ద్రవ్యరాశి వర్గమూలాలతో రెండు వైపులా భాగించాలి: చివరి వికర్ణ అంకె 1/3, దాని పక్కవి −1/√3. మిగతావి అలాగే. కోడులో రెండు అంకెలు మారితే చాలు. బహుపది దారిలో అయితే ఇప్పుడు గుణకాలు పూర్ణ సంఖ్యలు కావు, మొదటి అడుగులోనే గుండ్రం తప్పులు. నాలుగో పౌనఃపున్యం 48.0 నుంచి 45.7 హెర్ట్జ్‌కు, మొదటిది 6.89 నుంచి 6.47కు దిగుతాయి. మోటారు వేగానికి ఇప్పుడు రెండు హెర్ట్జ్ పైచిలుకు ఎడం వచ్చింది. ఒక పైపు తగ్గించినా, పెంచినా ఈ ఎడం మళ్లీ మారుతుంది కాబట్టి ప్రతి లోతుకూ లెక్క మళ్లీ వేయాల్సిందే.

240 హెర్ట్జ్ దగ్గర మాత్రం నమూనాయే మొరటు. పైపుకొక ముద్ద పెడితే అక్కడ ఇరవై శాతం దాకా తప్పు చూపుతుంది. ఇది గుండ్రం తప్పు కాదు, భౌతిక నమూనా తప్పు, క్యూఆర్ దీన్ని సరిచేయలేదు. పైపును నాలుగు ముక్కలు చేస్తే ఆ తప్పు ఒక శాతం లోపుకొస్తుంది, మాత్రిక 120 వరుసలవుతుంది. క్యూఆర్‌కు అది కనురెప్పపాటు పని. బహుపది గుణకాల మొత్తం అప్పటికి సుమారు యాభై అంకెల సంఖ్య. డబుల్‌లో ఖచ్చితంగా నిలిచే ప్రశ్నే లేదు, వందల అంకెల ప్రెసిషన్ ప్యాకేజీ తెచ్చుకోవాలి.

k/m ను బయటికి తీయకుండా అసలు యూనిట్లలోనే గుణకాలు రాసేవాళ్లకు కథ ఇంకా ముందే ముగుస్తుంది. పైపుకొక ముద్ద నమూనాలో స్థిర పదం (7.077×10⁵) పైన n ఘాతం. డబుల్ హద్దు 1.8×10³⁰⁸. 52 పైపుల దగ్గర స్థిర పదం 10³⁰⁴ స్థాయి, ఎలాగో పడుతుంది. 53వ పైపుకు 10³¹⁰ అయి `inf` వస్తుంది. అంటే 1,040 అడుగుల బోరు దాటితే బహుపదిని రాసుకోవడం కూడా కుదరదు, మూలాల మాట తర్వాత.

క్యూఆర్‌కూ హద్దులున్నాయి. దాని హామీ మాత్రిక పరిమాణంతో పోల్చిన తప్పుకు. λ₁ = 0.00265 లాంటి చిన్న విలువకు 10⁻¹⁴ తప్పు అంటే సాపేక్షంగా 4×10⁻¹². ఇక్కడ అది చాలు. కానీ అతి గట్టి, అతి మెత్త స్ప్రింగులు కలిసి ఐగెన్ విలువల నిష్పత్తి 10¹⁴ దాకా పోయే నమూనాలో అతి చిన్న విలువల్లో అంకెలేమీ మిగలకపోవచ్చు. డ్యాంపింగ్ పెడితే సౌష్ఠవం పోయి వైల్ అసమానత చేతిలో ఉండదు. క్రిటికల్ డ్యాంపింగ్ దగ్గర రెండు విలువలు కలిసిపోయే చోట 10⁻¹⁶ కదలిక 10⁻⁸ గా కనిపిస్తుంది, అక్కడ చివరి ఎనిమిది అంకెలు చూసి కంగారు పడనక్కర్లేదు. నిండు మాత్రిక 10,000 వరుసలైతే నిల్వకే 800 మెగాబైట్లు, పని n³. అంత పెద్ద మాత్రికలో కొన్ని విలువలే కావాలంటే లాంక్జోస్ పద్ధతికి పోవాలి. దాని లోపల పుట్టే చిన్న మూడు వికర్ణాల మాత్రికకు మళ్లీ పిలిచేది మాత్రం చాలాసార్లు క్యూఆర్‌నే.